ఆవాలకు మండే నూనె, జీలకర్రకు చల్లారే నూనె

అందరికీ నమస్కారం. నూనెలో ఆవాలు, జీలకర్ర, కరేపాకు వేయించి కూరలో పోసేదాన్ని మన అనంతపురంలో తిరగవాత అంటాం. తాలింపు అనేవాళ్లూ ఉన్నారు, పోపు అనేవాళ్లూ ఉన్నారు, పని ఒకటే. మీలో చాలామంది చదువుకో ఉద్యోగానికో బెంగళూరు, హైదరాబాదు పోయి రూముల్లో వండుకోబోతున్నారు. అన్నం కుక్కర్ వండుతుంది, పప్పు కూడా కుక్కరే వండుతుంది, తిరగవాత మాత్రం మీరే దగ్గరుండి పెట్టాలి. అందుకే ఈ పూట దాని గురించి ఒక్కటే మాట్లాడతాను, స్టవ్ కూడా పక్కనే పెట్టుకున్నాను.

మా అక్క కొడుకు బెంగళూరులో ఉంటాడు. పోయిన కొత్తలో ఒకరోజు ఫోన్ చేసి "చిన్నమ్మా, పప్పు చేదొస్తాంది, ఏం చేయాల?" అన్నాడు. వీడియో కాల్‌లో చేసి చూపించమన్నాను. ఇండక్షన్ పొయ్యి మీద పల్చటి గిన్నె పెట్టి, నూనె పొగ వచ్చేదాకా కాగబెట్టి, ఆవాలు, జీలకర్ర రెండూ ఒకే చేత్తో వేసేశాడు. ఆవాలు సగం చిట్లేలోపే జీలకర్ర నల్లగా అయిపోయింది. చేదు అక్కడిది. మంట తగ్గించి చెయ్యరా అన్నాను. నేను చెప్పింది అదొక్కటే, తప్పు నాదే, సగమే చెప్పాను. మర్నాడు మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి జీలకర్ర బాగుంది గానీ ఆవాలు చిట్లలేదట, పప్పులో పంటి కింద పడి కొరుకుతుంటే పచ్చి ఘాటు వస్తోందట.

చూడండి, మొదటిరోజు మాడింది, రెండోరోజు పచ్చిగా మిగిలింది. మంట పెంచితే జీలకర్ర పోతుంది, తగ్గిస్తే ఆవాలు పోతాయి. రెండింటికీ సరిపోయే ఒకే మంట వెతుక్కుంటూ కూర్చుంటే దొరకదు. ఎందుకంటే ఆ రెండు గింజలూ అడిగే వేడి వేరు.

ఆవగింజ చిన్నగా, గుండ్రంగా, గట్టి పొట్టుతో ఉంటుంది. లోపల కొంచెం తేమ ఉంటుంది. నూనె బాగా కాగి ఉంటే ఆ తేమ ఒక్కసారిగా ఆవిరై, బయటికి దారిలేక పొట్టును పగలగొట్టుకుని వస్తుంది, మనకు వినిపించే చిటపట అదే. నూనె గోరువెచ్చగా ఉంటే ఆ తేమ మెల్లగా జారిపోతుంది, గింజ పగలదు, అట్లాగే వేగి వేగి చేదెక్కుతుంది. ఏళ్ల తరబడి డబ్బాలో ఉండి ఎండిపోయిన ఆవాలు సరిగా చిట్లకపోవడానికీ కారణం ఇదే. జీలకర్ర అట్లా కాదు. సన్నగా, పొడుగ్గా, గీతలు గీతలుగా ఉంటుంది, వేడి తొందరగా లోపలికి పోతుంది, దాని వాసనంతా పైపైనే ఉన్న నూనెల్లో ఉంటుంది. వేడి నూనెలో పడ్డాక పది లెక్కపెట్టేలోపు దాని పని అయిపోతుంది, ఇంకో పది లెక్కపెడితే మాడుతుంది.

కాబట్టి ఆవాలు నూనె వేడెక్కుతున్నప్పటి వస్తువు, జీలకర్ర నూనె చల్లారుతున్నప్పటి వస్తువు. ఈ మాట పట్టుకుంటే మిగతాదంతా మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు చేస్తున్నాను, నలుగురికి సరిపోయే కందిపప్పు కోసం. చెనిక్కాయ నూనె రెండు పెద్ద చెంచాలు. నూనె మరీ తగ్గించకండి, గింజలు నూనెలో మునగాలి, మునగకపోతే గిన్నె అడుగుకు తగిలిన వైపు మాడి రెండోవైపు పచ్చిగా ఉంటుంది. ఆవాలు అర చెంచా, జీలకర్ర అర చెంచా, వట్టిమిరపకాయలు రెండు, తెల్లగడ్డ పాయలు ఐదు, పొట్టుతోనే కచ్చాపచ్చాగా నలిపినవి, కరేపాకు ఒక రెమ్మ. అన్నీ ముందే చిన్న గిన్నెల్లో పెట్టుకున్నాను చూడండి. ఆవాలు చిట్లుతుంటే జీలకర్ర డబ్బా మూత తీయడానికి పోయారంటే అయిపోయినట్టే.

నూనె కాగిందో లేదో చూడడానికి మూడే మూడు ఆవాలు వేస్తున్నాను. అడుక్కు పోయి ఊరికే కూర్చుంటే ఇంకా కాగలేదు. వేయగానే చుట్టూ బుడగలు వచ్చి రెండు మూడు క్షణాల్లో చిట్లితే సరిగ్గా ఉంది. నూనెలోంచి పొగ వస్తుంటే ఎక్కువైంది, స్టవ్ ఆపి కాసేపు ఆగి మళ్లీ చూడండి. ఇదిగో, చిట్లాయి. ఇప్పుడు మిగతా ఆవాలు వేసి మూత కొంచెం ఓరగా పెడుతున్నాను. వినండి... మొదట ఒకటీ రెండూ, తర్వాత వాన పడినట్టు, తర్వాత మళ్లీ విడివిడిగా. ఆ వాన తగ్గి విడివిడి చప్పుడు మొదలవగానే మంట పూర్తిగా తగ్గించాలి. చివరి గింజ దాకా ఆగకండి, ఆగితే ముందు చిట్లినవి మాడతాయి.

మంట తగ్గింది, ఇప్పుడు తెల్లగడ్డ వేస్తున్నాను. దాంట్లో తడి ఉంది కాబట్టి కాస్త టైం తీసుకుంటుంది, అంచులు లేత బంగారు రంగుకు రావాలి. వచ్చింది. మిరపకాయలు తుంచి వేసి, అవి ఉబ్బి రంగు తేలగానే స్టవ్ ఆపేశాను. ఆపేశాక జీలకర్ర వేస్తున్నాను, చూడండి, స్టవ్ ఆపినా ఎట్లా బుసబుసమని నురగలు కక్కుతోందో. ఇనుప గిన్నె వేడిని పట్టుకుని ఉంటుంది, జీలకర్రకు అది చాలు. పల్చటి అల్యూమినియం గిన్నె తొందరగా చల్లారుతుంది, అందులో చేసేటప్పుడు జీలకర్ర వేశాక ఆపండి. రంగు ఒక్క మెట్టు ముదరాలి, ముక్కుకు వాసన తగలాలి, అంతే, వెంటనే కరేపాకు.

కరేపాకును అందరూ వాసన కోసమే అనుకుంటారు. నాకు తెలిసి తిరగవాతకు బ్రేకు కూడా అదే. ఆకులో ఉన్న తడి ఆవిరైపోతూ నూనె వేడిని తీసుకుపోతుంది, దాంతో జీలకర్ర మాడకుండా అక్కడే ఆగుతుంది. అట్లాగని కడిగిన ఆకు నీళ్లు కారుతుండగా వేస్తే నూనె మీ చేతుల మీదికి ఎగురుతుంది, గుడ్డతో ఒత్తి తుడిచి వేయండి. చరచర చప్పుడు తగ్గి, ఆకు ముదురు పచ్చగా, మెరుస్తూ, గరిటె తగిలితే గలగలమంటే వేగినట్టు. మెత్తగా వేలాడుతుంటే ఇంకా పచ్చే, అప్పుడు సన్నమంట మీద కొన్ని క్షణాలు పెట్టండి.

చిత్రాన్నానికో ఉగ్గానికో శనగపప్పు, మినప్పప్పు కూడా వేసుకుంటాం కదా, వాటిని ఆవాలు చిట్లి మంట తగ్గించాక వేసి, రంగు తిరగడం మొదలయ్యేదాకా ఓపిక పట్టి, తర్వాతే జీలకర్రకు రండి.

తప్పిపోతే? జీలకర్ర నల్లగా అయి, ఘాటైన పొగ వాసన వస్తే ఆ నూనె పప్పులో పోయకండి, పారబోసి గిన్నె తుడిచి మళ్లీ మొదలుపెట్టండి. పోయేది రెండు చెంచాల నూనె, పోస్తే గిన్నెడు పప్పు చేదవుతుంది, ఆ చేదు బెల్లం వేసినా చింతపండు వేసినా పోదు. ఆవాలు చిట్లకుండానే పప్పులో పడిపోతే ఉడికిస్తే సరిపోతుందనుకోకండి. పప్పు ఎంత మరిగినా నీళ్ల వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఆవాలు చిట్లడానికి అది చాలదు. అట్లాంటప్పుడు పైన ఇంకొక చిన్న తిరగవాత సరిగ్గా పెట్టి కలిపితే చాలావరకు కప్పిపుచ్చుకోవచ్చు.

ఇదిగో, పప్పులో పోసి వెంటనే మూత పెట్టేశాను, ఐదు నిమిషాలు తీయొద్దు. ఈలోపు ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి, నువ్వు రామ్మా, రెండోది నువ్వు పెట్టు. గిన్నె తడి లేకుండా తుడిచాను. ముందు మూడు ఆవాలే వెయ్యి.