డబ్బు కట్టమంటున్న పరిశోధన పేపర్‌ను చట్టబద్ధంగా చదవడం ఎలా?

(ఫోన్-ఇన్ కార్యక్రమం. స్టూడియోలో విశ్వవిద్యాలయ లైబ్రేరియన్‌గా పనిచేస్తున్న అతిథి శ్రోతల ప్రశ్నలకు జవాబులిచ్చారు.)

వ్యాఖ్యాత: హలో, నమస్కారం. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారమ్మా?

శిరీష: నమస్కారం సార్. అనంతపురం నుంచి శిరీషను. ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ అగ్రికల్చర్ చేస్తున్నాను. వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులు మీద నా థీసిస్. ఒక పేపర్ తప్పనిసరిగా కావాలి. తెరిస్తే సారాంశం వరకే కనిపిస్తోంది, మిగతాది చదవాలంటే డాలర్లలో డబ్బు కట్టమంటోంది. మా కాలేజీలో ఆ జర్నల్ లేదు మేడమ్.

అతిథి: అమ్మా, 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని, జర్నళ్లను ఒకే చందాతో అందించే కేంద్ర ప్రభుత్వ పథకం నడుస్తోంది కదా, అది ప్రభుత్వ విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు వర్తిస్తుంది. మీది ప్రైవేటు కాలేజీ కాబట్టి ఆ దారి లేదు. వేరే దారి చూద్దాం. పేపర్ పేజీలో 10. తో మొదలయ్యే పొడవాటి నంబరు ఉంటుంది, చూశారా?

శిరీష: DOI అని ఉంది మేడమ్, అదేనా?

అతిథి: అదే. ఒక్కొక్క పేపర్‌కు ఒక్కటే నంబరు, పేరు కొంచెం అటూ ఇటూ అయినా పేపర్ మారిపోదు. మీరు కంప్యూటర్ మీద చూస్తున్నారా, ఫోన్‌లోనా?

శిరీష: ఎక్కువగా ఫోన్‌లోనే.

అతిథి: కంప్యూటర్ దొరికిన రోజు బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి, ఉచితమే. పేపర్ పేజీ తెరవగానే కుడి అంచున తాళం బొమ్మ వస్తుంది. ఆకుపచ్చగా ఉంటే ఎక్కడో చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఉన్నట్టు, నొక్కితే అక్కడికే తీసుకెళ్తుంది. బూడిదరంగులో ఉంటే దానికి దొరకలేదని అర్థం. ఫోన్‌లో అయితే గూగుల్ స్కాలర్‌లో పేపర్ పేరును కొటేషన్ గుర్తుల మధ్య కొట్టండి. ఫలితం కింద All versions అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చాలామంది నొక్కరు, కావలసింది తరచు అందులోనే ఉంటుంది. అయితే అక్కడ కనిపించేవన్నీ అనుమతితో పెట్టినవి కావు. అడ్రస్ చూడండి. విశ్వవిద్యాలయానిదో, పరిశోధన సంస్థదో అయితే నిశ్చింతగా తీసుకోండి. ఇంతకీ ఆ రచయితలు ఎక్కడివాళ్లమ్మా?

శిరీష: మొదటి రచయిత పేరు పక్కన ఇక్రిశాట్, పటాన్‌చెరు అని ఉంది.

అతిథి: అయితే ముందు oar.icrisat.org చూడండి. అది వాళ్ల రిపాజిటరీ, అంటే తమ శాస్త్రవేత్తల పేపర్లను సంస్థ భద్రపరచి అందరికీ అందించే చోటు. అక్కడ పేపర్ పేరుతో వెతకండి. కొన్ని ఫైళ్లు వెంటనే తెరుచుకుంటాయి. కొన్నింటికి సంస్థ లోపలివాళ్లకే అని తాళం ఉంటుంది. అలాంటి ఫైళ్ల దగ్గర చాలా రిపాజిటరీలలో Request a copy అనే బటన్ కనిపిస్తుంది. మన ఈమెయిల్ ఇస్తే విన్నపం రచయితకు చేరుతుంది.

శిరీష: ఆ బటన్ లేకపోతే?

అతిథి: నేరుగా రాయడమే. సారాంశం పేజీలో ఒక రచయిత పేరు పక్కన కవరు బొమ్మ ఉంటుంది, ఉత్తరాలు చూసేది ఆయనే. సబ్జెక్ట్ లైన్‌లో పేపర్ పేరు, లోపల మీరెవరు, దేని మీద పనిచేస్తున్నారు, DOI నంబరు, అంతే. నాలుగు వాక్యాలు దాటొద్దు. "మీ దగ్గర ఆమోదం పొందిన రాతప్రతి ఉంటే పంపగలరా" అని అడగండి. చదువుకోవడానికి అడిగినవాళ్లకు విడిగా ప్రతి పంపడాన్ని చాలా ప్రచురణ సంస్థలు ఒప్పుకుంటాయి. పాత పేపరైతే రచయిత ఉద్యోగం మారి మెయిల్ వెనక్కి వస్తుంది. అప్పుడు ఆయన ఈ మధ్య రాసిన పేపర్ తీసి అందులో ఉన్న అడ్రస్‌కు రాయండి, లేదా రెండో రచయితకు రాయండి. వారం దాటితే ఒకసారి గుర్తుచేయడంలో తప్పులేదు.

శిరీష: ఆమోదం పొందిన రాతప్రతి అంటే అసలు పేపర్ కాదా మేడమ్? థీసిస్‌లో చూపిస్తే తప్పు పడుతుందేమోనని టెన్షన్.

అతిథి: ఒక పేపర్‌కు మూడు దశలు. రచయిత జర్నల్‌కు మొదట పంపినది ప్రీప్రింట్, దాన్ని ఇంకా ఎవరూ పరిశీలించలేదు. పరిశీలకులు చెప్పిన సవరణలు చేశాక జర్నల్ ఒప్పుకున్నది ఆమోదిత రాతప్రతి. ఆ తర్వాత జర్నల్ తన అక్షరాల్లో, తన లోగోతో అచ్చు వేసినది మూడోది. రిపాజిటరీల్లో ఎక్కువగా దొరికేది రెండోదే. చూడగానే తెలుస్తుంది: వరుసల మధ్య ఖాళీ ఎక్కువ, పక్కన వరుస నంబర్లు, పట్టికలు అన్నీ చివర్లో. శాస్త్రం అంతా అందులో ఉంటుంది. కానీ అచ్చు ప్రూఫ్ దిద్దేటప్పుడు పట్టికలో ఒక అంకె మారొచ్చు. అందుకే మీరు వాడే అంకెలు సారాంశంతో సరిపోయాయా, ఆ పేపర్‌కు సవరణ ప్రకటన ఏదైనా వచ్చిందా అన్నది జర్నల్ పేజీలో చూసుకోండి. అది చూడటానికి డబ్బు అడగరు. సంపుటి, పేజీ నంబర్లు కూడా అక్కడివే రాయండి. రాతప్రతిలో ఒకటి, రెండు అని ఉన్న పేజీలు జర్నల్ పేజీలు కావు, అవి రాస్తే మీ గైడ్ కచ్చితంగా పట్టుకుంటారు.

వ్యాఖ్యాత: బాగుందమ్మా. తర్వాతి కాల్... నమస్కారం మాస్టారూ, చెప్పండి.

రిటైర్డ్ ఉపాధ్యాయుడు: నమస్కారమండీ, విజయనగరం. సైన్సు చరిత్ర మీద ఇంగ్లీషు పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయని విన్నాను. ఒక అధ్యాయం తెలుగు చేసి మా ఊరి పత్రికలో వేద్దామని ఉంది. వేయొచ్చా?

అతిథి: దొరుకుతాయి మాస్టారూ. doabooks.org అని ఓపెన్ యాక్సెస్ పుస్తకాల జాబితా ఉంది. అక్కడ వెతికితే అసలు పుస్తకం ఉన్న చోటికి, చాలాసార్లు library.oapen.org కు, తీసుకెళ్తుంది. ఇక అనువాదం సంగతి. టైటిల్ పేజీ వెనక లైసెన్సు రాసి ఉంటుంది, దాన్ని చదవకుండా మొదలుపెట్టకండి. CC BY అని మాత్రమే ఉంటే రచయిత పేరు, లైసెన్సు చెప్పి, ఇది అనువాదమని తెలిపి వేసుకోవచ్చు. ND అనే అక్షరాలు ఉంటే చదువుకోవచ్చు, ఉన్నదున్నట్టు పంచుకోవచ్చు, అనువాదం ప్రచురించాలంటే మాత్రం హక్కుదారుకు రాసి అనుమతి తీసుకోవాలి. NC ఉంటే వ్యాపారానికి వాడకూడదు, మీ పత్రిక ధర పెట్టి అమ్ముతారా అన్నది అప్పుడు చూసుకోవాలి. ఇంకో సంగతి, లోపలి ఫొటోలు వేరేవాళ్లవి కావచ్చు. ఫొటో కింద ఏం రాశారో చూసి, సందేహమైతే అది వదిలేయండి.

వ్యాఖ్యాత: ఇంకొక్క కాల్‌కు సమయం ఉంది. వరంగల్ నుంచి లెక్చరర్ గారు.

లెక్చరర్: మేడమ్, నా పేపర్ నా పేరు మీదే వచ్చింది. ఆ పీడీఎఫ్ నేనే నెట్‌లో పెట్టేసుకుంటే పోదా?

అతిథి: జర్నల్ అచ్చు వేసిన పీడీఎఫ్ అయితే వద్దండీ. ప్రచురణకు ముందు సంతకం చేసిన కాగితంలో హక్కులు వాళ్లకు ఇచ్చేసి ఉండొచ్చు. జర్నల్ ఒప్పుకున్న రోజున మీరు పంపిన ఆఖరి వర్డ్ ఫైలు ఉందా?

లెక్చరర్: మెయిల్‌లో ఉంటుంది.

అతిథి: మంచిది, అదే మీ ఆమోదిత రాతప్రతి. ఒకప్పటి షెర్పా రోమియో ఇప్పుడు ఓపెన్ పాలసీ ఫైండర్ అయింది. అందులో జర్నల్ పేరు కొడితే ఏ దశ ప్రతిని ఎక్కడ, ఎన్నాళ్ల తర్వాత పెట్టుకోవచ్చో చూపిస్తుంది. చాలా జర్నళ్లు 12 నెలలు ఆగమంటాయి, కొన్ని 24 వరకు. కాలేజీకి రిపాజిటరీ లేకపోతే జెనోడోలో పెట్టండి, అది యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ నడిపే రిపాజిటరీ. అక్కడ ఎంబార్గో, అంటే జర్నల్ ఆగమన్న గడువు, ముగిసే తేదీ ముందే ఇవ్వొచ్చు, ఆ రోజు రాగానే ఫైలు దానంతటదే తెరుచుకుంటుంది. మొదటి పేజీ పైన అచ్చు పేపర్ DOI తప్పకుండా రాయండి. దాన్ని చదివిన విద్యార్థి సంపుటి, పేజీ నంబర్లు వెతుక్కోవాల్సింది ఆ నంబరుతోనే.