రెండు మీటర్ల ఎత్తు నుంచి బంతి వదిలితే

అందరికీ నమస్కారం. ఇక్కడున్న పిల్లల్లో చాలామంది వారం రోజులూ రాత్రిపూట అద్దె టర్ఫ్‌లో ప్రాక్టీస్ చేసి, ఆదివారం గడ్డి గ్రౌండ్‌లో మ్యాచ్ ఆడుతున్నారు. వాళ్లు నాతో తరచూ చెప్పే మాట ఒకటుంది. "సర్, అక్కడ సరిగ్గా వెళ్లిన పాస్ ఇక్కడ సగంలోనే ఆగిపోతోంది." తప్పు మీ కాలిది కాదు, కింద ఉన్న నేలది.

గడ్డి మొక్క ప్రాణంతో నిలబడి ఉంటుంది. బంతి దాన్ని వంచుకుంటూ పోవాలి కాబట్టి వేగం తగ్గుతుంది. టర్ఫ్‌లో ఉన్నది ప్లాస్టిక్ పోగు. దాన్ని నిలబెట్టేది మధ్యలో పోసిన ఇసుక, దాని మీద పోసిన నల్లటి రబ్బరు గుళికలు. ఆ రబ్బరు తగ్గితే పోగులు పక్కకు పడుకుంటాయి. అప్పుడు బంతి చాప మీద జారినట్టు దూసుకుపోతుంది. ఫీఫా పరీక్షలో మీటరు ఎత్తున్న వాలు పట్టా మీద నుంచి బంతిని వదులుతారు. మేలైన టర్ఫ్ మీద అది 4 నుంచి 8 మీటర్ల లోపే ఆగాలి. మంచి గడ్డి మైదానాలు ఎలా ఉంటాయో చూసే ఈ లెక్కలు పెట్టారు.

బౌన్స్ సంగతి మీరే కొలుచుకోవచ్చు. బంతి అడుగుభాగం నేలకు 2 మీటర్ల ఎత్తులో ఉండేలా పట్టుకుని, తొయ్యకుండా వదలాలి. పక్కన కొలత టేపు కట్టి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయాలి. మేలైన టర్ఫ్ మీద అది 60 నుంచి 85 సెంటీమీటర్లు లేవాలి. రెండో స్థాయి టర్ఫ్‌కి మీటరు దాకా ఒప్పుకుంటారు. ముందుగా బంతిని కాంక్రీటు మీద వేసి చూడండి. అక్కడ సుమారు 135 రావాలి. లేదంటే గాలి సరిచేయండి, బంతి సరిగ్గా లేకపోతే నేలను నిందించి లాభం లేదు.

మా పిల్లలు ఆడే ఒక టర్ఫ్‌లో నేను ఇలాగే చూశాను. కార్నర్ దగ్గర బంతి 85 లేచింది. పెనాల్టీ స్పాట్ దగ్గర 115! అంటే అది దాదాపు కాంక్రీటు వైపు నడుస్తోందన్నమాట. వంగి వేలితో పోగులు విడదీశాను. కార్నర్‌లో వేలు రబ్బరులోకి దిగింది. గోల్ ముందు గోరు నేరుగా ఇసుకకు తగిలింది. గుళికలు బూట్లకు అంటుకుని, కాళ్ల తాకిడికి ఎగిరి, గోడల వారకు చేరిపోయాయి. అందరూ తొక్కే చోటే ముందు ఖాళీ అవుతుంది. గోల్‌కీపర్ పడేదీ అక్కడే. ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. వేల రూపాయలు తీసుకుని ఆడిస్తున్నప్పుడు నాలుగు బస్తాల రబ్బరు పోయడం పెద్ద పని కాదు కదా.

ఇక గాయాలు. గట్టి నేల వల్ల మడమ, పిక్క ముందు ఎముక నొప్పి పెడతాయి. నన్ను అంతకన్నా ఎక్కువ భయపెట్టేది పట్టు. గరిక ఉన్న నేలలో స్టడ్ దిగబడి మీరు ఒక్కసారిగా తిరిగారనుకోండి, ఒక పెళ్ళ ఊడి వస్తుంది. నేల ఓడిపోతుంది, మోకాలు బతుకుతుంది. ప్లాస్టిక్ పోగు ఊడదు. పాదం అక్కడే బిగుసుకుని ఒళ్లు తిరిగితే, ఆ మెలి చీలమండకో మోకాలికో ఎక్కుతుంది.

అయితే టర్ఫ్ అంటేనే గాయం అనడం కూడా సరికాదు. 2006లో అచ్చయిన ఒక అధ్యయనం యూరప్‌లోని పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులను గమనించింది. మొత్తం గాయాల్లో పెద్ద తేడా లేదు, కానీ చీలమండ బెణుకులు టర్ఫ్ మీద ఎక్కువ. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో 2012 నుంచి 2016 వరకు చూస్తే, ఎవరూ తాకకుండానే అయిన కాలి గాయాలు టర్ఫ్ మీద సుమారు 20 శాతం ఎక్కువ. వాళ్ల ఆట వేరు, బరువులు వేరు. ఆ అంకెను మన పిల్లలకు నేరుగా అతికించకూడదు.

ఇంకో మాట. మే నెలలో ఎండిపోయి ఎర్రమట్టి తేలిన మైదానాన్ని గడ్డి గ్రౌండ్ అనలేం. దాని మీద కూడా ఇదే టేపు కట్టి చూడండి, చాలాచోట్ల టర్ఫే నయమనిపిస్తుంది.

ఆ టర్ఫ్ యజమానికి వీడియో చూపించాను. ఆయన గోడల వార చేరిన గుళికలు ఊడ్పించి, కొత్తవి కలిపి, పోగులకు ఎదురుగా బ్రష్ చేయించారు. పది రోజుల తర్వాత పెనాల్టీ స్పాట్ దగ్గర బంతి 90 లేచింది. కాలి పట్టు మాత్రం పెద్దగా మారలేదు. అందుకే మా పిల్లలకు పొడవాటి స్టడ్స్ మాన్పించి, పొట్టివి ఎక్కువ సంఖ్యలో ఉండే బూట్లు వేయించాను. ఇప్పుడు బయట గేటు దగ్గర టేపు, బంతి పెట్టాను. రండి, ఇక్కడి నేలను కూడా కొలుద్దాం.