రెండు స్టైల్స్ కలపడం, స్టైల్ బలం తగ్గించుకోవడం ఎలా?

[స్క్రీన్ మీద: పర్లాకిమిడి రాజుగారి కోట ఫొటో, పక్కన సవర గోడబొమ్మ, పూరీ పటచిత్రం]

మన పర్లాకిమిడి కోట ఫొటోకి సగం సవర బొమ్మల రంగూ, సగం పటచిత్రం రంగూ రావాలి. చాలామంది రెండు బొమ్మలు విడివిడిగా తయారుచేసి ఒకదానిమీద ఒకటి సగం పారదర్శకంగా పెట్టేస్తారు, అప్పుడు గీతలు రెండేసి కనిపించి నీడ పడ్డట్టు ఉంటది. పిక్సెల్స్ కలపకూడదండి, ఫీచర్స్ కలపాలి, అంటే నెట్‌వర్క్ బొమ్మలోంచి పట్టుకున్న లక్షణాల అంకెలు.

2017లో హువాంగ్, బెలోంగీ ఒక బొమ్మ స్టైల్‌ని ఇంకో ఫొటోకి ఇచ్చే అడాయిన్ అనే పద్ధతి ఇచ్చారు. ఫొటోని, బొమ్మల్ని గుర్తుపట్టడం ముందే నేర్చుకున్న వీజీజీ నెట్‌వర్క్‌లో `relu4_1` లేయర్ దాకా పంపిస్తే 512 ఛానెల్స్ వస్తాయి, ఒక్కో ఛానెల్ సగటునీ, విలువలు ఎంత చెదిరున్నాయో దాన్నీ తీసేసి స్టైల్ బొమ్మవి పెడతాం, అంతే. ఆ తర్వాత డీకోడర్ దాన్ని మళ్ళీ బొమ్మ చేస్తది.

[స్క్రీన్ మీద: కోడ్]

```python
t = w * adain(c, s1) + (1 - w) * adain(c, s2)
t = alpha * t + (1 - alpha) * c
img = decoder(t)
```

ఇందులో `c` ఫొటో ఫీచర్స్, `s1` సవర బొమ్మవి, `s2` పటచిత్రానివి, `w` సవరకిచ్చే వాటా, `alpha` స్టైల్ బలం. ఒక్క ఛానెల్ తీసుకుని లెక్క చూద్దాం, అంకెలు నేను ఊరికే అనుకున్నవి. ఫొటో సగటు 2, చెదురు 1. సవరది 6, 3. పటచిత్రానిది 4, 1. `w` 0.5 పెడితే సగటు 5, చెదురు 2 అవుతాయి. కోట గోడ మీద ఒకచోట విలువ 3 ఉంది, అంటే సగటుకి ఒక చెదురు పైన, కాబట్టి అది 5 + 2 = 7 అవుతది. ఇప్పుడు `alpha` 0.5 పెడితే 7కీ పాత 3కీ మధ్యలో 5 వస్తది. చూశారా, స్టైల్ బలం తగ్గించడమంటే ఫొటో సొంత అంకెల్నే ఇంకో స్టైల్‌లా కలపడం, రెండు పనులూ ఒకటే లెక్క! నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే.

సగం సగం పెట్టినా కంటికి సగం సగం కనిపించదు. సవర బొమ్మలో ఎర్రమట్టి మీద తెల్లగీతలు, చెదురు ఎక్కువ ఉన్న ఛానెల్స్‌లో అదే పైచేయి, అందుకని `w` 0.3 దగ్గర మొదలెట్టి చూసుకోండి. రెండు స్టైల్స్ వాటాలూ కలిపితే 1 రావాలి, అందుకే కోడ్‌లో `1 - w` ఉంది, 1.4 అయితే అంకెలన్నీ ఉబ్బి డీకోడర్ అలవాటు లేని చోటికి పోతాయి, రంగులు పాడవుతాయి.

`alpha` సున్నా పెట్టినా అసలు ఫొటో అచ్చంగా రాదు, డీకోడర్ దాటేసరికి సన్న వివరాలు కొంచెం పోతాయి. ఇంకోటి, సవరల మనుషులూ ఏనుగులూ గోడ మీద ప్రత్యక్షమవుతాయని చూడొద్దు, ఈ సగటూ చెదురూ రంగునీ గీత తీరునీ పట్టుకుంటాయి గానీ ఆకారాల్ని కాదు.

[స్క్రీన్ మీద: ఆకాశం మరకలు మరకలుగా]

ఆకాశంలాంటి ఖాళీ చోట్ల ఇలా మరకలొస్తే మొత్తం `alpha` తగ్గించేయొద్దు, కోట మెరుగు కూడా పోద్ది. ఆకాశానికి మాస్క్ గీసి, దాన్ని ఫీచర్ సైజుకి చిన్నది చేసి, అక్కడ `alpha` 0.3, కోట మీద 0.8 పెట్టండి. మాస్క్ అంచు కొంచెం మెత్తగా చేస్తే గీత పడదు.