ఒక్క చుక్కే కదా!
(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా డీటీపీ, ఫ్లెక్సీ ముద్రణ మిత్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించడం మర్యాద. కానీ నాకిచ్చింది పదిహేను నిమిషాలు. అందరికీ కలిపి ఒకటే నమస్కారం పెడుతున్నాను, మన్నించండి.

ఈరోజు ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి జయంతి. ఆయన 1863లో పుట్టారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి నా తర్వాత మాట్లాడే మాస్టారు నాకంటే బాగా చెబుతారు. నేను మాత్రం ‘ధ’ మీద, ‘థ’ మీద మాట్లాడతాను. రెండింటికీ తేడా కడుపులో చుక్క. ఆ చుక్క కోసం రాత్రి తొమ్మిదింటికి షట్టరు కొట్టేవాళ్లు మీ అందరికీ తెలిసే ఉంటారు.

ఒకాయన ఫోను పట్టుకుని వచ్చాడు. మర్నాడు ఉదయం బడిలో కార్యక్రమం. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల ఎత్తు బ్యానరు. పైన పెద్ద అక్షరాల్లో ‘పూర్వ విద్యార్ధుల ఆత్మీయ సమ్మేళనం’. తెలుగు మాస్టారు చూసి ‘విద్యార్థుల’ అని ఉండాలన్నారట. ‘‘ఒక్క చుక్కే కదా అన్నా, రెండు నిమిషాల పని, పెట్టి కొట్టించు’’ అన్నాడు. ఫైలు ఏదయ్యా అంటే వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ చూపించాడు.

అక్కడే ఉంది నా బాధంతా. వాట్సాప్‌లో ఫోటోగా పంపిన బొమ్మ చిక్కిపోయి వస్తుంది. ఆయన బొమ్మ అడ్డంగా 1600 పిక్సెళ్లు. పది అడుగులంటే 120 అంగుళాలు. భాగించి చూడండి, అంగుళానికి పదమూడు పిక్సెళ్లు! వేదిక మీద కట్టి దూరం నుంచి చూసే బ్యానరుకు అంగుళానికి 72 చాలు, 100 ఉంటే ఇంకా మంచిది. 72 చొప్పున మనకు కావలసింది 8640 పిక్సెళ్లు. ఉన్నది అందులో అయిదో వంతు కూడా లేదు.

ఇమేజ్ సైజులోకి వెళ్లి 8640 అని కొడితే సరిపోతుంది కదా అనే తమ్ముళ్లు ఈ సభలోనూ ఉన్నారు. నవ్వకండి, చేతులెత్తమని అడగను. కొట్టండి, అంకె పెరుగుతుంది. అక్షరం అంచు మాత్రం అలాగే అలుక్కుపోయి ఉంటుంది, ఎందుకంటే లేని వివరాన్ని కంప్యూటర్ పక్క రంగులు కలిపి పూడుస్తుంది. దాని మీద మీరు పదునైన చుక్క పెట్టారనుకోండి. ఆ చుక్క ఉండేది ‘ర’ కింది ఒత్తులో. అచ్చులో దాని వెడల్పు అర అంగుళం. పెంచకముందు బొమ్మలో దానికి దక్కేది ఆరేడు పిక్సెళ్లు. చుట్టూ మసక, మధ్యలో ఒక్కటే నిగనిగలాడే చుక్క. తప్పు దిద్దినట్టు ఉండదు, దిద్దామని చాటింపు వేసినట్టు ఉంటుంది.

ఇంకొందరు ఆ పదం మీద రంగు పట్టీ వేసి, దాని మీద కొత్తగా టైపు చేస్తారు. వెనక రంగు ఎరుపు నుంచి పసుపుకు కరిగిపోతూ ఉంటే ఒకే రంగు పట్టీ కలవదు. తెర మీద చిన్నదిగా చూసినప్పుడు కనబడదు. ఫ్లెక్సీ మీద లైటు పడగానే దీర్ఘచతురస్రం బయటపడుతుంది.

ఆయన్ను వెనక్కి పంపాను. కోపం వచ్చింది, రానివ్వండి. డిజైను చేసినవాడికి ఫోను చేసి అసలు ఫైలు పంపమనండి, అదీ ఫోటోగా కాదు, డాక్యుమెంటుగా పంపమనండి అన్నాను. డాక్యుమెంటుగా పంపితే ఫైలు చిక్కిపోదు. కానీ మిత్రులారా, చిక్కిపోయిన బొమ్మనే మళ్లీ డాక్యుమెంటుగా పంపే మహానుభావులున్నారు! రాగానే పిక్సెళ్లు చూసుకోండి. 1600 కనబడితే అది అసలు కాదు.

అరగంటలో కోరెల్ ఫైలు వచ్చింది. అక్షరాలన్నీ కర్వులుగా మార్చేసి ఉన్నాయి. అలా మార్చడం తప్పు కాదు. మార్చకపోతే, డిజైనులో వాడిన ‘అను’ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిచినప్పుడు తెలుగు పోయి కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. నా తగాదా అది కాదు. కర్వులు చేయకముందు ఫైలు ఒకటి విడిగా దాచుకోవడానికి ఏం కష్టం? మీరే చెప్పండి!

సరే, ఉన్న పదంలోకి వెళ్లి టైపు చేసి దిద్దే వీలు లేదు. కానీ అదే బ్యానరులో ‘ముఖ్య అతిథి’ ఉంది. ఆ ‘థి’ కడుపులో చుక్క ఉంది. దాన్ని నకలు తీసి, ఒత్తుకు తగినట్టు పెంచి పెట్టాను. కర్వు గనుక ఎంత పెంచినా అంచు చెదరదు. బొమ్మయితే ఇది కుదిరేది కాదు. ఆయన చెప్పింది పైవరుస ఒక్కటే. కింద ‘1998-99 పదో తరగతి విద్యార్ధులు’ అని మళ్లీ అదే తప్పు. అక్కడా చుక్క పడింది.

ఆ కిందివరుసలోనే ఇంకో పీట ముడి ఉంది. ‘గురువులకు కృతజ్నతలతో’ అని కొట్టారు. ‘జ’ కింద ‘న’ ఒత్తు. ఇది చుక్కతో పోదు. అదే ఫాంటులో పదం మళ్లీ టైపు చేసి, పాత ‘కృ’ పక్కన కొత్త ‘కృ’ పెట్టి, ఎత్తు సమానమయ్యేదాకా సరిచేసి, అప్పుడు పాతది తీసేయాలి. చేశాను. ‘ఞ’ ఒత్తు ‘న’ ఒత్తు కంటే ఎక్కువ చోటు తీసుకుని పక్కకూ కిందికీ జరిగింది.

అసలే అది అడుగు వరుస. మేము నాలుగు వైపులా రెండేసి అంగుళాలు రంగు ఎక్కువ వేసి, దాన్ని వెనక్కి మడిచి అతికిస్తాం. అంటే ఫైలు 120 అంగుళాలు కాదు, 124. ఎత్తు 48 కాదు, 52. ఆ అదనమే బ్లీడు. మడత ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా అంచున తెల్ల గీత రాకుండా అది కాపాడుతుంది. మడత గీత నుంచి లోపలికి ఇంకో మూడు అంగుళాలు అక్షరం ఉండకూడదు. తాడు కట్టే రింగులు పడేది అక్కడే. అయితే ఆ మూడు అంగుళాలు ఎక్కడి నుంచి కొలుస్తారు? చాలామంది ‘త’, ‘ల’ల అడుగు నుంచి కొలుస్తారు. మన లిపికి అది చాలదు, ఒత్తు అడుగు నుంచి కొలవాలి. కొలిస్తే ఆ ‘ఞ’ ఒత్తు రింగుల బాటలో ఉంది. ఒక్క పదాన్ని పైకి జరిపితే వరుస వంకర. అందుకని వరుస మొత్తాన్ని కొంచెం చిన్నది చేసి పైకి లేపాను. రెండు నిమిషాల పని అన్నాడు కదా!

అన్నట్టు, మూడు వందల రిజల్యూషనే కావాలని పట్టుబట్టేవాళ్లకు ఒక మాట. 124 అంగుళాలకు అది 37,200 పిక్సెళ్లు. ఫోటోషాప్ మామూలు పీఎస్‌డీ ఫైలు 30,000 దాటి దాచుకోదు. చేతికందే దూరంలో చదివే కరపత్రానికి మూడు వందలు అడగండి, బ్యానరుకు కాదు.

చివరగా నేను తప్పకుండా చేసేది ఒకటి. దిద్దిన చోటును అసలు సైజులోనే, పెంచకుండా తగ్గించకుండా, ఏ4 కాగితం మీద కొట్టిస్తాను. ‘ర్థు’ ఒక కాగితం, ‘జ్ఞ’ ఒక కాగితం. అంచు పదునుగా ఉందా, చుక్క పక్కవాటితో కలిసిందా అన్నది గోడకు ఆనించి నాలుగడుగులు వెనక్కి వేస్తే తేలిపోతుంది. తర్వాత మొత్తం డిజైను ఇంకో కాగితం మీద కొట్టించి సంతకం పెట్టమంటాను.

ఆయనకూ ఇచ్చాను. కలం తీశాడు, మొత్తం చదివాడు, ఆగాడు. ‘‘అన్నా, ముఖ్య అతిథి పేరు ముందు శ్రీ లేదు. ఒక్క అక్షరమే కదా’’ అన్నాడు.

ఆ వరుసకు కుడివైపు మిగిలింది సరిగ్గా ఆ మూడు అంగుళాలే.