బడ్జెట్ ఫైలులో షీట్ల వరుస: నాలుగు రొయ్యల చెరువుల లెక్క

నమస్కారం. కావలి వైపు నుంచి ఒక రొయ్యల రైతు అడిగిన ప్రశ్న ఇది: “నాలుగు చెరువుల బడ్జెట్ ఎక్సెల్‌లో వేసి బ్యాంకులో ఇచ్చామండీ. మొత్తం ఖర్చు ఏ షీట్‌లో ఉందో సారుకు దొరకలేదు. ఏది ముందుండాలి, ఏ పేరు పెట్టాలి?”

లెక్క వేసేవారు సీడు, మేత, కరెంటు ఖర్చులతో మొదలుపెట్టి చివరికి మొత్తానికి చేరుకుంటారు కాబట్టి, షీట్లు కూడా వేసిన వరుసలోనే మిగిలిపోతాయి. చదివేవారికి మాత్రం ముందు మొత్తం కావాలి, తరువాత అది ఏ ఆధారాల మీద వచ్చిందో తెలియాలి, ఆ తరువాతే చెరువువారీ వివరాలు. అందువల్ల ఎడమ చివర ‘1_సారాంశం’, దాని పక్కనే ‘2_అంచనాలు’, ఆపైన ‘చెరువు1’ నుంచి ‘చెరువు4’ వరకు ఉంచండి.

అంచనాల షీట్‌ను చెరువుల వెనక్కు నెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. ఉదాహరణకు, చెరువుకు లక్ష సీడు వదిలితే 80 శాతం బతికి, 50 కౌంటుకు, అంటే కిలోకు 50 రొయ్యలు తూగే సైజుకు, పట్టుబడి జరిగితే 1,600 కిలోల రొయ్య వస్తుంది, కిలోకు 1.4 కిలోల మేత చొప్పున 2,240 కిలోల మేత కావాలి. బ్యాంకు అధికారి నిలదీసేది ఈ 80ని, 50ని, 1.4ని. ఇవి ఒక్క చోటే ఉండి, చెరువుల షీట్లన్నీ అక్కడి నుంచే తీసుకుంటే, ఆయన 80ని 65 చేసి ఫలితాన్ని వెంటనే సారాంశంలో చూడగలరు.

పేర్లు పొట్టిగా ఉండాలి. పేరు పొడవైనకొద్దీ కుడివైపు షీట్లు తెర దాటి కనబడకుండా పోతాయి. ఎక్సెల్ ఎలాగూ 31 అక్షరాలు మించనివ్వదు. ఏటవాలు గీతను అంగీకరించదు కాబట్టి సంవత్సరాన్ని 2025-26 అని రాయండి. ‘Sheet3’, ‘కొత్తది’, ‘ఫైనల్2’ వంటి పేర్లు కొత్తవారికి ఏమీ చెప్పవు.

వరుస మార్చేటప్పుడు అసలు జాగ్రత్త ఒకటుంది. సారాంశంలో మొత్తాన్ని ఇలా కూడితే,

```
=SUM('చెరువు1:చెరువు4'!D20)
```

ఎక్సెల్ ఆ రెండు షీట్ల మధ్య ఏవి ఉంటే వాటన్నిటి D20 గడులనూ కలుపుతుంది. ‘చెరువు3’ను ఎవరైనా లాగి చివర పెడితే దాని ఖర్చు మొత్తంలోంచి జారిపోతుంది, పొరపాటు జరిగినట్లు ఏ హెచ్చరికా రాదు. ఐదో చెరువును ‘చెరువు4’ తరువాత చేర్చినా అంతే. అందుకే చెరువులకు అటూ ఇటూ ‘మొదలు’, ‘చివర’ అనే రెండు ఖాళీ షీట్లు పెట్టి, పై సూత్రంలో వాటి పేర్లే రాసి, సారాంశంలో మొత్తం పక్కనే ఈ సరిచూపు ఉంచండి:

```
=COUNT('మొదలు:చివర'!D20)
```

ఇక్కడ చెరువుల సంఖ్య రావాలి. నాలుగు చెరువులకు 3 కనిపిస్తే ఏదో షీట్ బయటకు పోయినట్టే, లేదా దాని D20లో అంకె లేనట్టే.

ఫైలును ఎవరికైనా పంపే ముందు ‘1_సారాంశం’లో A1 గడి మీద నిలిచి సేవ్ చేయండి, ఎందుకంటే సేవ్ చేసినప్పుడు మీరు ఏ షీట్‌లో ఉన్నారో అవతలివారికి ఫైలు అక్కడే తెరుచుకుంటుంది.