రోజుకు 100 బడ్జెట్‌తో యాడ్స్: రోయాస్ అంకెను నమ్మే ముందు ఇది చూడండి

హలో అండీ. గూగుల్‌లో ఒక సెర్చ్ క్యాంపెయిన్, మెటాలో ఒక క్యాంపెయిన్, ఈ రెండూ ఆల్రెడీ నడుస్తున్నాయి అనుకుందాం. రోజుకు రెండూ కలిపి 100, మీది ఏ కరెన్సీ అయినా సరే. ఇంత చిన్న బడ్జెట్‌ని ఐదారు క్యాంపెయిన్లకు పంచకండి, ఏ ఒక్కదానికీ చదవడానికి సరిపడా ఆర్డర్లు రావు. గూగుల్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే నెట్‌వర్క్, అంటే వేరే సైట్లలో యాడ్స్ చూపించేది, టిక్ ఉంటే తీసేయండి. ఇంకోటి, గూగుల్ ఒక్కోరోజు బడ్జెట్‌కి రెట్టింపు దాకా ఖర్చు పెట్టేస్తుంది, టెన్షన్ పడకండి, నెల మీద సర్దేస్తుంది. అందుకే నేను రోజుల లెక్క చూడను, వారం చూస్తాను.

ముందు మీ హద్దు ఎక్కడో తెలియాలి. 100కి అమ్మితే సరుకు, ప్యాకింగ్, డెలివరీ అన్నీ పోను 40 మిగులుతుందా? అయితే 1ని 0.40తో భాగించండి, 2.5 వస్తుంది. రోయాస్ అంటే అమ్మకాలను యాడ్ ఖర్చుతో భాగిస్తే వచ్చే అంకె, అది 2.5 దగ్గర ఉంటే లాభం లేదు, నష్టం లేదు.

ఇప్పుడు ఇక్కడ ఆగుదాం, చాలామంది తడబడేది ఇక్కడే. వారం ఖర్చు 700: గూగుల్ 400, మెటా 300. గూగుల్ 1600 అమ్మకాలు నావి అంటోంది, మెటా 1200 నావి అంటోంది. రెండు చోట్లా రోయాస్ 4, భలే ఉంది కదా. కలిపితే 2800. కానీ మన ఆర్డర్ల లిస్ట్ తీస్తే వారం మొత్తం అమ్మకాలే 1900!

మెటాలో Columns నొక్కి Compare attribution settings లోకి వెళ్లండి. మామూలుగా మెటా క్లిక్ చేశాక 7 రోజుల్లో కొన్నవాళ్లనీ, క్లిక్ చేయకుండా యాడ్ చూసి 1 రోజులో కొన్నవాళ్లనీ కూడా లెక్కేసుకుంటుంది. ఆ చూసి కొన్న భాగాన్ని విడిగా చూస్తే, మన ఉదాహరణలో 500. అది తీసేస్తే మెటాకి 700. అయినా 1600తో కలిపితే 2300, ఇంకా ఎక్కువే, ఎందుకంటే మెటాలో క్లిక్ చేసిన మనిషే తర్వాత గూగుల్‌లో వెతికి అక్కడా క్లిక్ చేసి కొన్నాడు, ఇద్దరూ ఆ ఆర్డర్ నాదే అంటున్నారు. అందుకే నేను 1900ని 700తో భాగిస్తాను, 2.7. అంటే 1900లో చేతికి వచ్చేది 760, యాడ్స్ పోను 60. పైగా ఆ 1900లో యాడ్ చూడకుండా వచ్చిన ఆర్డర్లూ ఉంటాయి కాబట్టి అసలు అంకె ఇంకా తక్కువే. ఇలాంటప్పుడు బడ్జెట్ పెంచొద్దు.

అన్నట్టు, గూగుల్ ఆర్డర్ విలువని కొన్న రోజుకి కాదు, క్లిక్ చేసిన రోజుకి రాస్తుంది. నిన్నా మొన్నా రోయాస్ పడిపోయినట్టు కనిపిస్తే వెంటనే క్యాంపెయిన్ ఆపేయకండి, ఆ క్లిక్‌ల ఆర్డర్లు ఇంకా రావాల్సి ఉండొచ్చు. చివరి వారం వదిలేసి, దాని ముందు వారం తీసుకోండి.

ఇక గూగుల్‌లో Search terms రిపోర్ట్ తెరవండి. మీ షాపు పేరే టైప్ చేసి వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారో చూడండి, రోయాస్‌ని బాగా పైకి లాగేది వాళ్లే, వాళ్లలో చాలామంది యాడ్ లేకపోయినా వచ్చేవాళ్లే. ఆ పేరుని నెగటివ్ కీవర్డ్‌గా పెట్టి, అంటే ఆ పేరు వెతికినవాళ్లకి యాడ్ కనిపించకుండా చేసి, రెండు వారాలు అలాగే నడవనిచ్చి, మొత్తం అమ్మకాలు తగ్గాయో లేదో ఆర్డర్ల లిస్ట్‌లోనే చూడండి.