ల్యాబ్‌లో వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు: ఏడో నంబరుది ఏడో సిస్టమ్‌కే

అందరికీ నమస్కారం. ఇది గుంటూరులో ఒక హైస్కూల్ కంప్యూటర్ ల్యాబ్. 20 సిస్టమ్స్, 20 బ్లూటూత్ హెడ్‌ఫోన్లు. అన్నీ ఒకే మోడల్, ఒకే రంగు. అసలు గొడవంతా అక్కడే, చూపిస్తాను.

ఇంకా కొననివాళ్లకి రెండు మాటలు. చెవి మొత్తం కప్పేవి తీసుకోండి, ఇదిగో ఇలాంటివి. చెవిలో దూర్చే బడ్స్ వద్దు, పదిమంది మార్చుకునేవి కావు అవి. డబ్బా మీద మల్టీపాయింట్ అని ఉంటే, అంటే ఒకేసారి రెండింటికి కనెక్ట్ అయ్యేది, అది ఇంట్లో బాగుంటుంది, ల్యాబ్‌కి మాత్రం వద్దు. మీ సిస్టమ్స్‌లో అసలు బ్లూటూత్ లేకపోతే చిన్న యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే హెడ్‌ఫోన్లు కొనండి, జత చేసే పనే ఉండదు. రిసీవర్‌ని మాత్రం నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టుల పక్కన పెట్టకండి, సౌండ్ తెగిపోతూ ఉంటుంది.

సరే, పెయిరింగ్. Settings, Bluetooth & devices, Add device, Bluetooth. హెడ్‌ఫోన్ పవర్ బటన్ నొక్కి పట్టుకోండి, లైటు ఎరుపు నీలం మారుతూ మెరుస్తుంది. చాలా మోడల్స్‌లో ఇంతే. పేరు వచ్చింది, నొక్కాం, అయిపోయింది.

ఇక్కడ కాస్త ఆగండి. ఇప్పుడు ఇంకో రెండు హెడ్‌ఫోన్లు ఆన్ చేస్తున్నా. లిస్టు చూడండి. ఒకే పేరు మూడుసార్లు! ఇందులో ఏది మన చేతిలోది? తెలీదు. ఏదో ఒకటి నొక్కితే నాలుగో సిస్టమ్ పాఠం పదకొండో బెంచీలో వినిపిస్తుంది. పైగా హెడ్‌ఫోన్ ఆ జతని గుర్తుపెట్టుకుంటుంది, రేపు ఆన్ చేయగానే మళ్లీ అక్కడికే పోతుంది.

అందుకే పద్ధతి ఇది. అన్ని హెడ్‌ఫోన్లూ ఆఫ్. ఒక్కటే ఆన్. ముందే స్టిక్కర్ మీద 7 అని రాసి అంటించండి. ఏడో సిస్టమ్‌కి జత చేయండి, దాన్ని ఆఫ్ చేయండి, అప్పుడు ఎనిమిదోది తీయండి. పిల్లల ఫోన్లు, మీ ఫోన్ కూడా బ్లూటూత్ ఆపి ఉండాలి.

జత కాగానే పేరు మార్చేయండి. నేను సెట్టింగ్స్‌లో వెతుక్కోను, విండోస్ కీ, R నొక్కి ఇది కొడతాను:

```
mmsys.cpl
```

Playback లో హెడ్‌ఫోన్ మీద డబుల్ క్లిక్, పైన పేరుంది కదా, అక్కడ HP-07. OK కొట్టి, తర్వాత లిస్టులో దాని మీద రైట్ క్లిక్ చేసి Test నొక్కండి. ఏడో నంబరు చెవిలో మోగిందా? మోగితే సరే. వేరేదాంట్లో మోగితే, ఆ జతని Remove device చేసి మళ్లీ చేయండి. ఏదైనా పాడై 12వ సిస్టమ్ దాన్ని ఇక్కడ వాడాల్సి వచ్చినా అంతే, పని అయ్యాక ఇక్కడ Remove చేసి, 12లో మళ్లీ జత చేసి పంపాలి.

ఇంకోటి, ఇదే విండోలో Recording ట్యాబ్. ఇంగ్లీష్ లిజనింగ్ క్లాస్‌కి మైక్ అక్కర్లేదు కదా, హెడ్‌ఫోన్ మైక్‌ని Disable చేయండి. మైక్ తెరుచుకుంటే చాలా సిస్టమ్స్‌లో బ్లూటూత్ ఫోన్ కాల్ మోడ్‌లోకి వెళ్తుంది, పాఠం డబ్బాలోంచి మాట్లాడినట్టు వస్తుంది. హెడ్‌ఫోన్ పాడైందని పక్కన పడేస్తారు, పాపం దానికేం కాలేదు.

వాల్యూమ్. పిల్లలు పెంచేది అల్లరికి కాదు, ఎక్కువసార్లు ఫ్యాన్ల మోతకి. ఇందాక చెవి కప్పేవి అన్నది అందుకే కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకి చెప్పే లెక్క వారానికి 40 గంటలు, 75 డెసిబెల్స్ మించకుండా. సౌండ్ 3 డెసిబెల్స్ పెరిగితే సురక్షితంగా వినగలిగే సమయం సగమవుతుంది. 85 దాటకుండా లిమిట్ ఉన్న మోడల్స్ దొరుకుతాయి. లేనివాటికి ఇలా చేయండి: హెడ్‌ఫోన్ ప్లస్ బటన్ నొక్కుతూ స్క్రీన్ చూడండి. విండోస్ స్లయిడర్ కూడా కదిలితే రెండూ ఒకటే, క్లాసు మొదట్లో ఒకసారి చూసుకోక తప్పదు. కదలకపోతే మనకే లాభం. హెడ్‌ఫోన్‌ని దాని బటన్‌తో పూర్తిగా పెంచేసి, తర్వాత విండోస్ స్లయిడర్‌ని హాయిగా వినిపించే దాకా తగ్గించండి. ఇక బటన్ ఎంత నొక్కినా అంతకు మించి పెరగదు. స్లయిడర్ ముట్టుకునేవాడు ఎవడో ఒకడు ఉంటాడనుకోండి, కానీ అది మీకు స్క్రీన్ మీద కనిపిస్తుంది.

శుభ్రం సంగతి. మన దగ్గర కొబ్బరి నూనె తల, గుంటూరు చెమట. రెండూ కలిసి కుషన్ మీద జిడ్డు కడతాయి. ముందు సబ్బునీళ్లలో గట్టిగా పిండిన గుడ్డతో జిడ్డు తీయండి, తర్వాతే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. జిడ్డు మీద రాస్తే దాని కిందున్న క్రిములకి అది సరిగ్గా తగలదు. గుడ్డ మీద పోసి తుడవండి, హెడ్‌ఫోన్ మీద స్ప్రే కొట్టొద్దు, లోపలికి దిగుతుంది. రెగ్జిన్ కుషన్ ఎక్కువ ఆల్కహాల్‌కి పొట్టు లేస్తుంది కాబట్టి, పైన సాగే గుడ్డ తొడుగులు వేస్తే మేలు. రెండు సెట్లు ఉంచుకోండి, ఒకటి ఉతుకులో ఉంటే ఒకటి వాడుకలో. పేలున్న పిల్లల హెడ్‌ఫోన్‌ని రెండు రోజులు పక్కన పెట్టండి, మనిషి తల లేకుండా పేను సాధారణంగా అంతకు మించి బతకదు.

తుడిచాక తడి ఆరేదాకా కొక్కేనికి వేలాడదీయండి, జిప్ సంచిలో మూసేయకండి. ఛార్జింగ్ కూడా అక్కడే, నంబరు కింద నంబరు.